అరవై ఐదు గొర్రెల రసీదు: తొలి అరబ్ పాలనలో ఈజిప్టు లెక్కలు

వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఒక పపైరస్ ముక్క ఉంది. క్రీ.శ. 643 ఏప్రిల్ 25న రాసిన రసీదు అది. ఈజిప్టులో అహ్నాస్ అనే ఊళ్లో అబ్దుల్లా ఇబ్న్ జాబిర్ అనే అరబ్ సేనాని తన దండు తిండి కోసం 65 గొర్రెలు తీసుకున్నాడు. ఇచ్చింది ఆ ప్రాంతపు అధికారులు, క్రిస్టఫరోస్, థియొడొరాకియోస్. రసీదు పైభాగం గ్రీకులో ఉంది, కింద అదే విషయం అరబీలో ఉంది. గ్రీకు రాసినవాడు యోహాను అనే చర్చి డీకన్, అరబీ రాసినవాడు ఇబ్న్ హదీద్. ఎవరి భాషలో వాళ్లు రాసుకున్నారు.

ముక్క వెనకవైపు గ్రీకులో ఒక చిన్న గమనిక ఉంది. అసలు సంగతి అక్కడే ఉంది. ఈ గొర్రెలను ఆ ఏటి పన్నులో జమ చేసుకోవాలని అది చెబుతుంది. ఆ ఏడును చెప్పిన తీరు కూడా పాతదే. రోమన్ ప్రభుత్వం పన్నుల కోసం వాడుకున్న పదిహేనేళ్ల చక్రంలో అది మొదటి ఏడు. అరబీ భాగంలో మాత్రం తేదీ ‘22వ సంవత్సరం’ అని ఉంది. హిజ్రీ లెక్క వాడిన అతి పాత పత్రాల్లో ఇదొకటి.

రోమన్ సైన్యం అలెగ్జాండ్రియా ఖాళీ చేసి అప్పటికి ఏడు నెలలే అయింది. దేశం గెలిచిన సైనికులు గొర్రెల్ని తోలుకుపోతే అడిగేవాళ్లు లేరు. అయినా లెక్కపెట్టి తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, పన్నుకింద చెల్లు రాయించారు. వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది వేరే చర్చ. వచ్చే ఏడు కూడా ఆ ఊరు గొర్రెలు ఇవ్వాలంటే ఈ ఏడు లెక్క తేలాలన్న ఇంగితం వాళ్లకు ఉంది. ఆ లెక్క ఎలా చూడాలో తెలిసినవాళ్లు యోహాను, క్రిస్టఫరోస్ లాంటి పాత ఉద్యోగులే. రాజు మారినా కరణం మారని కథ తెలుగు పల్లెలకు బాగా తెలిసిందే.

ఇలాంటి పత్రాలకు ఉన్న విలువ ఇంకొకటి ఉంది. తొలి అరబ్ పాలన గురించి వివరంగా చెప్పే అరబీ చరిత్రలు చాలావరకు రెండు వందల ఏళ్ల తర్వాత రాసినవి. అప్పటికి పన్నుల శాస్త్రం, ఫిఖ్ అనే ఇస్లాం ధర్మశాస్త్ర సూత్రాలు బాగా స్థిరపడ్డాయి. తమ కాలపు చక్కదనాన్ని ఆ రచయితలు తొలి రోజులకు కూడా అంటగట్టారు. పపైరస్ ముక్కల్లో ఆ చక్కదనం లేదు, జరిగిన పని ఉంది. చరిత్రల్లో మాత్రం పత్రాల్లో దొరకని మనుషుల గొంతులు ఉన్నాయి. అందుకే రెండూ కావాలి, కాకపోతే ఏ మాట ఎక్కడిదో గుర్తుపెట్టుకోవాలి.

639 చివర్లో ఈజిప్టులోకి వచ్చిన అరబ్ సేనాపతి అమ్ర్ ఇబ్న్ అల్-ఆస్ 641 ఏప్రిల్‌లో బాబిలోన్ కోటను పట్టుకున్నాడు. ఇప్పటి కైరో దక్షిణ భాగంలో ఆ కోట గోడలు ఇంకా కనిపిస్తాయి. అప్పట్లో దేశానికి రాజధాని అలెగ్జాండ్రియా. అమ్ర్ అక్కడ కూర్చోవాలనుకున్నాడని, తనకూ తన సైన్యానికీ మధ్య నీళ్లు అడ్డం ఉండకూడదని మదీనా నుంచి ఖలీఫా ఉమర్ చెప్పాడని కథ. నైలు వరద వస్తే అలెగ్జాండ్రియాకు దారి తెగేది. కథ నిజమైనా కాకపోయినా ఫలితం మాత్రం కళ్లముందే ఉంది. కోట పక్కన ఖాళీ నేల మీద ఫుస్తాత్ అనే కొత్త ఊరు వెలిసింది. అదే సమయంలో ఇరాక్‌లో బస్రా, కూఫా అలాగే వెలిశాయి. అన్నీ ఎడారి అంచున, పంట నేలకు ఆనుకుని ఉన్నాయి. సైన్యానికి తిండి ఒకవైపు, తిరిగి ఎడారిలోకి వెళ్లే దారి ఇంకోవైపు.

ఫుస్తాత్‌ను మన సికింద్రాబాద్ లష్కర్ లాంటిది అనుకుంటే సగం అర్థమవుతుంది. పాత నగరంలో కలవకుండా, పక్కన వేరే నేలలో కట్టుకున్న సైనికుల ఊరు. మధ్యలో మసీదు, సేనాని ఇల్లు. చుట్టూ తెగకొక వాడ, దాన్ని ‘ఖిత్తా’ అనేవాళ్లు. ఏ ఒక్క తెగకూ సరిపడా జనం లేని చిన్న గుంపులన్నిటినీ కలిపి ఒకే జెండా కింద ఒక వాడ ఇచ్చారు. మొదట ఇక్కడ గుడారాలు, పాకలే ఉండేవి. ఇటుక గోడలు తర్వాత వచ్చాయి. తేడా ఏమిటంటే లష్కర్‌లో సిపాయి ఉద్యోగం చేసి రిటైరవుతాడు. ఫుస్తాత్‌లో సిపాయి భార్యాబిడ్డలతో, తెగతో వచ్చి స్థిరపడ్డాడు. అక్కడ పుట్టిన పిల్లవాడూ పుట్టుకతో సైనికుడి కిందే లెక్క. ఈ తేడాతోనే తర్వాత చిక్కంతా వచ్చింది.

దేశం గెలిచాక సైనికులు మొదట అడిగింది భూములు. కొల్లసొత్తు పంచినట్టే పొలాలూ పంచాలని, గెలిచింది మేమే కదా అని వాళ్ల వాదన. ఈజిప్టు విషయంలో జుబైర్ అనే ప్రముఖుడు ఈ పట్టు పట్టాడని, అమ్ర్ ఉమర్‌కు రాశాడని, ఇంకా పుట్టని పిల్లల పిల్లలకు కూడా దాంట్లో వాటా ఉండాలి కాబట్టి నేలను పంచవద్దని జవాబొచ్చిందని సంప్రదాయం చెబుతుంది. అంటే పొలం ఎవరిది వాళ్లకే ఉంటుంది, దున్నేవాడే దున్నుతాడు, పన్ను మాత్రం గెలిచినవాళ్లందరి ఉమ్మడి ఆస్తి. ఆ ఉమ్మడి ఆస్తికి ‘ఫై’ అని పేరు.

ఉమ్మడి ఆస్తి అన్నాక వాటాదార్లు ఎవరో తేలాలి. దానికోసం పుట్టిందే దివాన్, సైనికుల జాబితా. ఈ మాట పర్షియన్‌ది. మన దివాణానికీ, దివాన్‌గారికీ మూలం ఇదే. కానీ మొదట్లో దివాన్ అంటే భవనమూ కాదు, మంత్రీ కాదు, పేర్లు రాసిన ఒక పుస్తకం. ఎవరు ముందు ఇస్లాంలోకి వచ్చారు, ఏ యుద్ధంలో పాల్గొన్నారు అన్నదాన్ని బట్టి ఏటా ఇచ్చే జీతం. ప్రవక్త కాలపు బద్ర్ యుద్ధంలో పోరాడినవాళ్లకు ఏడాదికి 5,000 వెండి దిర్హంలు. పన్నెండేళ్ల తర్వాత సిరియా, ఇరాక్‌ల కోసం జరిగిన యర్మూక్, ఖాదిసియా యుద్ధాల్లో పోరాడినవాళ్లకు 2,000. ఆ తర్వాత వచ్చి చేరినవాళ్లకు ఇంకా తగ్గుతూ 300, 200 దాకా. జీతంతోపాటు నెలనెలా ధాన్యం బత్తెం వేరు. పేర్లన్నీ తెగలవారీగా రాసేవాళ్లు, జీతం కూడా తెగలో చిన్న గుంపుల పెద్దల చేతిమీదుగా బట్వాడా అయ్యేది.

జీతం ఉంది కాబట్టి సైనికుడు సేద్యం చేయకూడదు. ఇది గట్టి నియమం. ఏడాదిలో ఒక్క వసంతకాలంలో మాత్రం పల్లెలకు వెళ్లొచ్చు. గుర్రాలకు పచ్చిక, మనుషులకు పాలు, గొర్రె మాంసం. ఏ తెగ ఏ ప్రాంతానికి వెళ్లాలో కూడా ముందే రాసి ఇచ్చేవాళ్లు. ఆ సమయంలో అమ్ర్ మసీదులో చేసిన ప్రసంగం అంటూ ఒకటి ప్రచారంలో ఉంది. పొరుగున ఉన్న ఖిబ్తీలతో, అంటే ఈజిప్టు క్రైస్తవులతో మర్యాదగా ఉండండి అని చెప్పి, తిరిగొచ్చాక గుర్రాలను తనిఖీ చేస్తానన్నాడట. జబ్బు లేకుండానే ఎవరి గుర్రమైనా చిక్కిపోయి కనిపిస్తే ఆ మేరకు జీతంలో కోత. మాటలు అచ్చంగా అమ్ర్‌వి కాకపోవచ్చు గానీ, జీతం ఇచ్చేవాడి చేతిలో ఉన్న కొరడా ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది.

జాబితా ఒకసారి రాస్తే అయిపోయేది కాదు. ఫుస్తాత్‌లోనే ఉండి 9వ శతాబ్దంలో రాసిన ఒక చరిత్రకారుడు ఖలీఫా ముఆవియా కాలపు (661–680) పద్ధతి చెప్పాడు. ప్రతి తెగకూ ఒక మనిషిని పెట్టారు. అతను పొద్దున్నే తమవాళ్లు కూర్చునే చోట్లన్నీ తిరిగి, ‘రాత్రి మీలో ఎవరికైనా బిడ్డ పుట్టిందా? ఎవరైనా కొత్తగా వచ్చి దిగారా?’ అని అడిగేవాడు. ఫలానావాడికి కొడుకు, ఫలానావాడికి కూతురు అని చెబితే పేర్లు రాసుకునేవాడు. యమన్ నుంచి ఎవరైనా కుటుంబంతో వచ్చి ఉంటే ఆ పేర్లూ రాసేవాడు. అన్ని వాడలూ తిరిగాక నేరుగా దివాన్‌కు వెళ్లి నమోదు చేయించేవాడు. చనిపోయినవాళ్ల పేర్లు అంత చురుగ్గా కొట్టేసేవాళ్లా అన్న అనుమానం రేషన్ కార్డుల గురించి తెలిసిన ఎవరికైనా రాకమానదు.

అదే చరిత్రకారుడి లెక్కలో ముఆవియా కాలానికి ఫుస్తాత్ జాబితాలో 40,000 మంది. వాళ్లలో 4,000 మందిది పై తరగతి, ఏడాదికి 200 బంగారు దీనార్లు. ఈ అంకెల్ని అచ్చంగా నమ్మనక్కర్లేదు, మోతాదు తెలుసుకోవడానికి వాడుకోవచ్చు. ఈజిప్టులో తలపన్ను మగవాడికి రెండు దీనార్లని చెబుతారు. అంటే పై తరగతి సైనికుడు ఒక్కడి జీతానికి వంద మంది రైతుల తలపన్ను పోవాలి. ఆ 4,000 మందికే ఎనిమిది లక్షల దీనార్లు, నాలుగు లక్షల మంది తలపన్ను. ముఆవియా కాలంలోనే జీతాలు, బత్తేలు పోగా మిగిలిన సొమ్మును ఒంటెల మీద ఖలీఫా ఉండే డమాస్కస్‌కు పంపబోతుంటే సైనికులు అడ్డుపడ్డారనీ, ‘మా డబ్బు మా దేశం దాటి ఎలా పోతుంది’ అన్నారనీ ఒక కథ. సొమ్మును వెనక్కి తెప్పించి మసీదు గుమ్మం దగ్గర నిలబెట్టి, మీ జీతం ముట్టిందా, మీ ఇంటివాళ్లది ముట్టిందా అని అడిగి, అవునన్నాకే కదలనిచ్చారట. పన్ను కట్టిన రైతు దాన్ని ఎవరి డబ్బు అనేవాడో ఆ కథలో లేదు.

ఇక ఆ రైతు దగ్గరికి వెళ్దాం. కొత్త ప్రభుత్వం పొలం శిస్తు, ధాన్యం పన్ను పాత రోమన్ లెక్కల ప్రకారమే వసూలు చేసింది. ఇదివరకు రోమన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు వెళ్లిన ధాన్యం ఇప్పుడు దిశ మార్చుకుంది. నైలు నుంచి ఎర్ర సముద్రానికి ఉన్న పూడిపోయిన పాత కాలువను అమ్ర్ మళ్లీ తవ్వించాడు, ఆ దారిన గోధుమలు మదీనాకు వెళ్లాయి. కొత్తగా వచ్చింది తలపన్ను. రోమన్ పాలన చివరి రోజుల్లో ఈజిప్టులో అలాంటిది లేదు. వయసొచ్చిన మగవాళ్లే కట్టాలి. ఆడవాళ్లకు, పిల్లలకు మినహాయింపు. దీనికి మన చరిత్ర పుస్తకాల్లో కనిపించే మాట జిజియా. ముస్లిమేతరుల తలకు జిజియా, భూమికి ఖరాజ్ అన్న విభజన మనం బళ్లో చదువుకున్నది. అయితే ఆ స్పష్టత తర్వాతి పండితులది. ఈజిప్టు పపైరస్‌లలో ‘జిజియా’ అంటే ఒక ఊరు బంగారు నాణేల్లో కట్టాల్సిన మొత్తం సొమ్ము. ధాన్యంగా కట్టేదాన్ని వేరుగా రాశారు.

దీన్ని దగ్గర్నుంచి చూపించే కాగితాల కట్ట ఒకటి ఉంది. దక్షిణ ఈజిప్టులో కోమ్ ఇష్కావ్ అనే పల్లెలో 1901లో బయటపడింది. గ్రీకులో ఆ ఊరి పాత పేరు ఆఫ్రొడిటో. అక్కడి స్థానిక అధికారి బసిలియోస్ అనే క్రైస్తవుడు. ఫుస్తాత్‌లో గవర్నరు ఖుర్రా ఇబ్న్ షరీక్, 709 నుంచి 714 దాకా. ఒకరికొకరు పడవలో రోజుల తరబడి దూరం. ఖుర్రా రాసిన ఉత్తరాలు గ్రీకులోనూ అరబీలోనూ దొరికాయి, ఊళ్లో లెక్కలు గ్రీకులోనూ ఖిబ్తీ భాషలోనూ దొరికాయి.

ఆ ఉత్తరాలు చదువుతుంటే మార్చి నెలాఖరు టార్గెట్ల టెన్షన్ గుర్తొస్తుంది. సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ జీతాలు ఇవ్వాల్సిన వేళ వచ్చింది, నీ వైపు నుంచి రావాల్సిన బంగారం ఆలస్యమైంది, ఇంతవరకు వసూలైనదాన్ని వెంటనే పంపు, మిగతాది చేతికి వచ్చింది వచ్చినట్టు పంపుతూ ఉండు అని ఒక ఉత్తరం సారాంశం. దివాన్‌లోని పేరుకూ ఇష్కావ్‌లోని పొలానికీ మధ్య ఉన్న దారం ఆ ఒక్క ఉత్తరంలో కనిపిస్తుంది. జీతం తేదీ దగ్గరపడితే గవర్నరుకు గుబులు, గవర్నరు గుబులు బసిలియోస్‌కు, బసిలియోస్ నుంచి ఊరి పెద్దలకు.

పన్ను పడే క్రమం ఇది. ఫుస్తాత్‌లో ప్రాంతం మొత్తానికి ఒక అంకె తేలుస్తారు. బసిలియోస్ ఊరూరా నమ్మకస్తులైన మనుషుల్ని పిలిచి, ప్రమాణం చేయించి, ఏ ఊరికెంత, ఏ ఇంటికెంత అని పంపకం రాయిస్తాడు. ఆ పంపకం చేసినవాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లతో సహా గవర్నరుకు పంపాలి. ఎవరికైనా తగ్గించి ఇంకొకరి నెత్తిన వేస్తే శిక్ష వాళ్లకే. తర్వాత గవర్నరు పేరుతో ఒక్కో ఊరికి డిమాండ్ నోటీసు వస్తుంది. మీ ఊరికి పడిన జిజియా ఇన్ని దీనార్లు, ధాన్యం ఇన్ని అర్దబ్‌లు అని అరబీలో, గ్రీకులో రాసి, సీలు వేసి ఉంటుంది. ఇలాంటి నోటీసులు కొన్ని హిజ్రీ 91లో రాసినవి, అడిగిన జిజియా మాత్రం 88వ సంవత్సరానిది. మూడేళ్ల నాటి పన్నుకు అప్పుడు నోటీసు! జాబితా మీద జీతం ఏటా ఠంచనుగా రావాలి, పల్లె నుంచి బంగారం అలా రాదు.

బంగారంతో కూడా తీరదు. నౌకాదళ దాడులకు నావికులు, వాళ్లకు రొట్టెలు, డమాస్కస్ మసీదుకూ జెరూసలేంలో కడుతున్న మసీదుకూ పనివాళ్లు, కూలి డబ్బు, సామాను, అన్నీ అదే బసిలియోస్ పంపాలి. మనుషుల్ని పంపలేని ఊరు డబ్బు కట్టాలి. మరోవైపు ఖుర్రా రైతులు పెట్టుకున్న అర్జీలు కూడా విన్నాడు. ఫలానావాడికి రావాల్సిన అప్పు ఎగ్గొడుతున్నారట, సాక్ష్యం చూసి నిజమైతే ఇప్పించు, అన్యాయం జరగనివ్వకు అని బసిలియోస్‌కు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. తర్వాతి అరబీ చరిత్రల్లో ఖుర్రా క్రూరుడు. ఉత్తరాల్లో కనిపించేది మాత్రం లెక్క తప్పితే ఊరుకోని, అదే సమయంలో రైతు చితికిపోతే తన లెక్కే చితుకుతుందని తెలిసిన అధికారి.

ఈ ఏర్పాటు ఎక్కడ తెగిపోతుంది? ఊరు మొత్తానికి ఒక అంకె వేశాక పదిమంది పారిపోతే వాళ్ల వాటా మిగతావాళ్ల మీద పడుతుంది. భారం పెరిగితే ఇంకో పదిమంది పారిపోతారు. ఖుర్రా ఉత్తరాల్లో డబ్బు తర్వాత ఎక్కువగా వినిపించే మాట పారిపోయినవాళ్లే. వాళ్లు ఏ ఊరివాళ్లు, ఎక్కడ దాక్కున్నారు, ఎన్నేళ్లయింది అని జాబితాలు, దాచినవాళ్లకు జరిమానాలు. కొంతమంది మఠాల్లో చేరారు, సన్యాసులకు తలపన్ను లేదని. 7వ శతాబ్దం ముగిసే ప్రాంతంలో సన్యాసుల మీదా తలకొక దీనార్ పడింది. ఆ తర్వాత ఊరు దాటాలంటే పర్మిట్ కావాల్సి వచ్చింది. 8వ శతాబ్దం తొలి సగంలోని అలాంటి పర్మిట్లు కొన్ని దొరికాయి. మనిషి పేరు, ఊరు, ముఖం మీద మచ్చలు, జుట్టు తీరు రాసి, తన జిజియా సంపాదించుకోవడానికి పక్క జిల్లాలో పని చేసుకునేందుకు రెండు నెలల గడువు ఇస్తున్నామని ఒకదాంట్లో ఉంది. పన్ను కట్టడానికి వలస పోవాలి, వలస పోవాలంటే పన్ను అధికారి అనుమతి కావాలి.

ఇంకో దారి మతం మారడం. మారినవాడికి తలపన్ను తీసేస్తే ఊరి అంకె తగ్గుతుంది, తీయకపోతే ముస్లిం నుంచి జిజియా ఏమిటన్న ప్రశ్న వస్తుంది. 717–720 మధ్య ఖలీఫాగా ఉన్న రెండో ఉమర్ తీసేయమన్నాడు. ఆయన పోయాక అధికారులు మళ్లీ ఖాళీ ఖజానా వైపు చూశారు. తర్వాతి పండితులు తలపన్నునూ భూమి శిస్తునూ అంత కచ్చితంగా విడదీయడానికి వెనకున్న అవసరం ఇదే. మనిషి మతం మారినా పొలం మతం మారదు, దాని శిస్తు దానికి ఉంటుంది.

ఈ లోపు ఫుస్తాత్‌లో పన్నుల పెద్దగా ఉన్న ఉబైదుల్లా ఇబ్న్ అల్-హబ్‌హాబ్ దీనారుకు ఒక ఖీరాత్ చొప్పున పెంచాడు. ఖీరాత్ అంటే దీనారులో ఇరవై నాలుగో వంతు, శాతంలో చెబితే నాలుగుకు కొంచెం పైన. వినడానికి చిన్నదే. 725 ప్రాంతంలో నైలు డెల్టాలో ఖిబ్తీలు తిరగబడ్డది ఆ పెంపు మీదే, పన్ను మీద వాళ్ల తొలి పెద్ద తిరుగుబాటు అది. అప్పటికి దివాన్ భాష కూడా మారింది. 706 ప్రాంతంలో ఫుస్తాత్ కార్యాలయం అరబీలోకి వచ్చింది. పల్లె స్థాయిలో గ్రీకు ఇంకొన్నాళ్లు నడిచింది గానీ, బసిలియోస్ లాంటివాళ్ల చోట్లలో క్రమంగా అరబ్ అధికారులు కూర్చున్నారు. ఊరి మాట తెలిసి సర్దిచెప్పే మధ్యవర్తి పోయాడు.

జాబితా వైపు కూడా బరువు పెరుగుతూనే ఉంది. ఫుస్తాత్‌లో పుట్టిన మూడో తరం, నాలుగో తరం పేర్లు పుస్తకంలో ఉన్నాయి, యుద్ధాలు మాత్రం వేరేవాళ్లు చేస్తున్నారు. 750లో ఖలీఫాలైన అబ్బాసీ వంశానికి తూర్పు ఇరాన్ వైపున్న ఖురాసాన్ సైనికులు వచ్చారు, తర్వాత తుర్కులు వచ్చారు. 831లో డెల్టాలో ఖిబ్తీలు, అరబ్బులు ఇద్దరూ పన్ను మీద తిరగబడితే ఖలీఫా మామూన్ స్వయంగా ఈజిప్టుకు వచ్చి అణచాడు. 833లో అతని తమ్ముడు ముఅతసిం ఖలీఫా అయ్యాడు. ఈజిప్టులోని అరబ్బుల పేర్లన్నీ దివాన్ నుంచి కొట్టేయమని, జీతాలు ఆపమని గవర్నరుకు ఉత్తర్వు పంపాడు. యహ్యా ఇబ్న్ అల్-వజీర్ అనే నాయకుడు లఖ్మ్, జుధామ్ తెగలవాళ్లను కూడగట్టి, మా హక్కూ మా ఫై పోయాయంటూ లేచాడు. వెంట నడిచింది ఐదు వందల మంది. అంతకుమించి రాలేదు, తర్వాత యహ్యా కూడా పట్టుబడ్డాడు.

ఆ తర్వాతి దశాబ్దాల పపైరస్ రసీదుల్లో అరబ్ పేర్లు విరివిగా కనిపిస్తాయి, కౌలుదార్లుగా, భూమికి ఖరాజ్ కట్టినవాళ్లుగా.